అయో గ్రహణాలు, కాంతి వేగం లెక్క

గురుగ్రహానికి ఉన్న నాలుగు పెద్ద ఉపగ్రహాల్లో అన్నిటికన్నా లోపలి కక్ష్యలో తిరిగేది అయో. సూర్యుడి వెలుగు పడని వైపు గురుగ్రహానికి పొడవాటి నీడ ఉంటుంది. అయో ప్రతి ప్రదక్షిణలోనూ ఆ నీడలోకి వెళ్లి మాయమై, రెండు గంటల పైచిలుకు తర్వాత మళ్లీ బయటపడుతుంది. ఒక గ్రహణానికీ తర్వాతి గ్రహణానికీ మధ్య సగటున 42 గంటల 28 నిమిషాలు పడుతుంది. భూమి మీద కాంతి వేగాన్ని కొలిచే సాధనమేదీ లేని 17వ శతాబ్దంలో, కాంతి ప్రయాణానికి సమయం పడుతుందని మొదట తెలిసింది ఈ గ్రహణాల లెక్కల్లో దొర్లిన తేడా వల్లనే.

ఆ గ్రహణాలను అప్పట్లో గమనించినవారికి కాంతి మీద ధ్యాస లేదు. వారికి కావలసింది రేఖాంశం. ఒక ఊరికీ ఇంకో ఊరికీ రేఖాంశంలో ఎంత తేడా ఉందో తెలియాలంటే, ఒకే క్షణంలో రెండు చోట్లా స్థానిక సమయం ఎంతో తెలియాలి. నమ్మదగిన గడియారాన్ని ఊరి నుంచి ఊరికి మోసుకెళ్లడం సాధ్యం కాని ఆ రోజుల్లో, అందరికీ ఒకేసారి కనిపించే గడియారం ఆకాశంలోనే ఉండాలి. 1610లో ఈ ఉపగ్రహాలను కనిపెట్టిన గెలీలియోకే ఈ ఆలోచన వచ్చింది. గ్రహణాలు ఎప్పుడెప్పుడు వస్తాయో చెప్పే మంచి పట్టికలను 1668లో జొవాన్ని డొమెనికో కాసినీ ప్రచురించాడు. తర్వాత ఆయన పారిస్ వేధశాలకు వచ్చి అక్కడి పనికి పెద్దదిక్కయ్యాడు. 1671లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాన్ పికార్, టైకో బ్రాహే పాత వేధశాల ఉన్న హ్వెన్ ద్వీపానికి వెళ్లి, అదే గ్రహణాలను పారిస్‌లో కాసినీ చూస్తుండగా తానూ అక్కడి నుంచి చూశాడు. ఆ పనిలో సాయపడిన డెన్మార్క్ యువకుడు ఓలే రోమర్. మరుసటి ఏడాది పికార్ అతణ్ని పారిస్‌కు తీసుకొచ్చాడు.

పట్టికలు ఎంత సవరించినా ఒక చిక్కు మాత్రం వదల్లేదు. భూమి గురుగ్రహానికి దగ్గరగా ఉన్న నెలల్లో అయో గ్రహణాలు లెక్కకన్నా ముందు వస్తున్నాయి, దూరంగా ఉన్న నెలల్లో వెనకబడుతున్నాయి. ఉపగ్రహం నిజంగానే ఒకసారి వేగంగా, ఒకసారి నెమ్మదిగా తిరుగుతోందనుకుంటే, దాని నడకకు మన భూమి ఎక్కడుందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న వస్తుంది. గ్రహణం సమయానికే జరుగుతోంది, ఆ కబురు మోసుకొచ్చే కాంతి దూరాన్ని బట్టి ఆలస్యంగా చేరుతోంది అనుకుంటే చిక్కు విడిపోతుంది. ప్రతి రెండో రోజూ ఇంటి నుంచి ఒక ఉత్తరం వస్తుందనుకుందాం. అందుకునే మనిషి రోజురోజుకూ దూరమవుతూ ప్రయాణిస్తుంటే, ఉత్తరాలు వేసేది సమయానికే అయినా అవి చేరే మధ్య వ్యవధి కొంచెం కొంచెంగా పెరుగుతుంది. తిరుగు ప్రయాణంలో తగ్గుతుంది. అయో విషయంలో జరిగేదీ అదే.

ఈ పెరుగుదల ఒక్క ప్రదక్షిణలో ఎంత ఉంటుందో చూస్తే, రోమర్ ముందున్న ఇబ్బంది అర్థమవుతుంది. భూమి గురుగ్రహం నుంచి ఎక్కువ వేగంతో దూరమయ్యే రోజుల్లో ఆ దూరం సెకనుకు సుమారు 27 కిలోమీటర్లు పెరుగుతుంది. నలభై రెండున్నర గంటల్లో అది 42 లక్షల కిలోమీటర్లు. కాంతి దాన్ని దాటడానికి 14 సెకన్లు చాలు. అయో నీడలోంచి పూర్తిగా బయటికి రావడానికే దాదాపు మూడున్నర నిమిషాలు పడుతుంది. చుక్క ఏ క్షణాన కనబడిందో చెప్పడంలోనే కొన్ని పదుల సెకన్ల తేడా వచ్చే చోట 14 సెకన్లను పట్టుకోవడం అసాధ్యం. ఈ కనబడకపోవడాన్నే రోమర్ ఒక ఆధారంగా వాడుకున్నాడు. తన లెక్కలో ఒక ప్రదక్షిణ కాలంలో దూరం కనీసం 210 భూవ్యాసాలు మారుతుంది. ఒక్కో భూవ్యాసం దాటడానికి కాంతికి ఒక సెకను పట్టేటట్టయితే ఒక్క ప్రదక్షిణలోనే మూడున్నర నిమిషాల తేడా రావాలి. అంత తేడా ఎన్నడూ కనిపించలేదు. కనుక కాంతికి భూవ్యాసమంత దూరానికి ఒక సెకను కూడా పట్టదు. అయితే ఒక ప్రదక్షిణలో కనబడనిది నలభై ప్రదక్షిణల్లో పోగుపడి నిమిషాల లెక్కకు చేరుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అయో గురుగ్రహానికి మరీ దగ్గరగా తిరగడం వల్ల, భూమి నుంచి చూసేవారికి ఒకే గ్రహణపు మొదలూ చివరా రెండూ కనబడవు. గురుగ్రహం ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చే రోజుకు ముందు నెలల్లో అయో నీడలోకి పోవడమే కనిపిస్తుంది. ఆ రోజు దాటాక నీడలోంచి బయటికి రావడమే కనిపిస్తుంది. అంటే భూమి దగ్గరవుతున్నంత కాలం ప్రవేశాలు, దూరమవుతున్నంత కాలం విడుపులు మాత్రమే అందుతాయి. గురుగ్రహం సూర్యుడి దాపుకు వెళ్లిన వారాల్లో ఏదీ కనిపించదు. అసలు వ్యవధి ఎంతో తేల్చాలంటే ఏళ్ల తరబడి పరిశీలనలు పోగేసి, దగ్గరవడం, దూరమవడం ఒకదానికొకటి కొట్టేసుకునేలా సగటు తీయాలి.

1676 జూలై మొదట్లో గురుగ్రహం సూర్యుడికి ఎదురుగా వచ్చింది. ఆగస్టులో పారిస్‌లో అయో విడుపులు కొన్నిటిని చూశారు. సెప్టెంబరు మొదట్లో, నవంబరులో రాబోయే విడుపు ఆగస్టు పరిశీలనలను బట్టి లెక్కగట్టిన సమయం కన్నా పది నిమిషాలు ఆలస్యమవుతుందని రోమర్ ఫ్రెంచి సైన్సు అకాడమీకి ముందే చెప్పాడు. నవంబరు 9 సాయంత్రం లెక్క ప్రకారం అయో 5 గంటల 25 నిమిషాల 45 సెకన్లకు బయటపడాలి. కనబడింది 5 గంటల 35 నిమిషాల 45 సెకన్లకు. ఈ వివరాలతో ఆయన వాదన డిసెంబరు 7న పారిస్ పండితుల పత్రికలో అచ్చయింది.

ఈనాటి కొలతలతో ఆ పది నిమిషాలను సరిచూడవచ్చు. ఆగస్టు మధ్యలో భూమికీ గురుగ్రహానికీ మధ్య ఉన్న దూరం నవంబరు 9 నాటికి సుమారు 18.5 కోట్ల కిలోమీటర్లు పెరిగింది. కాంతి అంత దూరం వెళ్లడానికి పది నిమిషాల పైచిలుకు పడుతుంది. ఆ సాయంత్రపు ఆలస్యం నిజానికి అంత దగ్గరగా ఉండటం కొంత అదృష్టమే. ఎందుకంటే చాలా గ్రహణాలను కలిపి రోమర్ తేల్చిన మొత్తం అంకె అంత బాగా కుదరలేదు. భూకక్ష్య వ్యాసాన్ని దాటడానికి కాంతికి 22 నిమిషాలు పడుతుందన్నాడు. ఇప్పుడు తెలిసిన విలువ 16 నిమిషాల 38 సెకన్లు.

రోమర్ ఇచ్చింది సమయమేగానీ వేగం కాదన్నది చాలా పుస్తకాలు దాటవేసే సంగతి. వేగం చెప్పాలంటే భూమికీ సూర్యుడికీ మధ్య దూరం తెలియాలి. ఆ కాలానికి అది ఉజ్జాయింపుగానే తెలుసు. ఆ లెక్క వేసినవాడు క్రిస్టియాన్ హైగెన్స్. 1690లో వెలువడిన కాంతి గ్రంథంలో ఆయన భూకక్ష్య వ్యాసం తన అంచనాలో 24,000 భూవ్యాసాలని చెబుతూనే, జాగ్రత్త కోసం 22,000 మాత్రమే తీసుకున్నాడు. 22 నిమిషాల్లో 22,000 భూవ్యాసాలంటే నిమిషానికి వెయ్యి, సెకనుకు 16 చిల్లర. ఇప్పటి భాషలో అది సెకనుకు సుమారు 2,12,000 కిలోమీటర్లు. అసలు విలువలో 70 శాతం.

22 నిమిషాలు ఎందుకు ఎక్కువైంది? విడుపు క్షణం టెలిస్కోప్‌ను బట్టి మారుతుంది. పెద్ద కటకం ఉన్నవారికి మసక చుక్క ముందే కనబడుతుంది. గురుగ్రహం సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు. అన్నిటికన్నా దొంగదెబ్బ తీసింది మాత్రం పక్క ఉపగ్రహం యూరోపా. అయో రెండు చుట్లు తిరిగే లోపు యూరోపా ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లయ వల్ల అది అయోను పదే పదే ఒకే తీరుగా లాగి, గ్రహణాలను మూడు నిమిషాలకు పైగా అటూ ఇటూ జరుపుతుంది. ఈ జరుగుడు దాదాపు 437 రోజులకొకసారి తిరిగి వస్తుంది. భూమి–గురుగ్రహాల దూరం పెరిగి తగ్గే కాలం 399 రోజులు. రెండూ అంత దగ్గరగా ఉన్నప్పుడు, కొన్నేళ్ల పరిశీలనలతో ఏది కాంతి వల్లో, ఏది యూరోపా వల్లో విడదీయడం కష్టం. దాని సిద్ధాంతం 18వ శతాబ్దం చివర్లో లాప్లాస్ చేతిలో గానీ తేలలేదు.

కాసినీ అభ్యంతరాన్ని ఈ వెలుగులో చూడాలి. ఆలస్యం కాంతి వల్లనే అయితే అది నాలుగు ఉపగ్రహాలకూ ఒకేలా ఉండాలనీ, మిగిలిన మూడింటిలో అలా కనిపించడం లేదనీ ఆయన వాదించాడు. మొదట తానే ఆ దారిలో ఆలోచించి తర్వాత వెనక్కి తగ్గాడు. ఆయన పెట్టిన పరీక్ష సరైనదే, చేతిలో ఉన్న పట్టికలే ఆ పరీక్షకు తట్టుకునేంత మంచివి కావు. 1694లో ఎడ్మండ్ హాలీ ఆ ఆలస్యం మిగతా ఉపగ్రహాలకూ ఉందని చూపి, సూర్యుడి నుంచి భూమికి కాంతి ఎనిమిదిన్నర నిమిషాల్లో వస్తుందని తేల్చాడు. 1728లో జేమ్స్ బ్రాడ్లీ గ్రహణాలతో పని లేకుండా, నక్షత్రాలు ఏడాది పొడవునా కొద్దిగా స్థానం మారినట్టు కనిపించే తీరును బట్టి 8 నిమిషాల 12 సెకన్లు అన్నాడు. రెండు వేర్వేరు దారులు ఒకే చోటికి చేరాక వివాదం సద్దుమణిగింది. ఇప్పటి విలువ 8 నిమిషాల 19 సెకన్లు.

ఇదంతా స్వయంగా చూడాలనుకునే పాఠకులకు మూడంగుళాల టెలిస్కోప్, సెకన్లు చూపే ఫోను చాలు. గురుగ్రహం సూర్యుడికి ఎదురుగా వచ్చిన నెల తర్వాత ఒక విడుపును, మళ్లీ రెండున్నర నెలలకు ఇంకో విడుపును అదే టెలిస్కోప్‌తో చూసి సమయం రాసుకోవాలి. మధ్యలో జరిగిన ప్రదక్షిణల సంఖ్యను 42 గంటల 28 నిమిషాల 36 సెకన్లతో హెచ్చవేసి మొదటి సమయానికి కలిపితే, రెండోది దానికన్నా ఎంత వెనకబడిందో తెలుస్తుంది. యూరోపా లాగుడు, గురుగ్రహపు వేగంలో మార్పు కలిసి అందులో కొన్ని నిమిషాల తప్పు చేర్చగలవు. పంచాంగాల్లో, ఫోను యాప్‌లలో ముందుగా ఇచ్చే గ్రహణ సమయాలతో మాత్రం పోల్చకూడదు. వాటిలో కాంతి ప్రయాణకాలం అప్పటికే కలిపేసి ఉంటుంది, అందువల్ల ఆలస్యమే కనబడదు.