కూర్చున్న ఫోటోలో డ్రెస్ మారిస్తే మడతలు ఎక్కడ పడాలి?

తిరువూరులో మా ఇంటి అరుగు మీద కూర్చున్న తమ్ముడి ఫోటోలో జీన్స్ తీసేసి, ఏఐ ఎడిట్‌తో గళ్ల లుంగీ వేశాను. చూడగానే అతికించినట్టు ఉంది. మనిషి కూర్చున్నాడు, లుంగీ మడతలు మాత్రం నిలబడినట్టు నిలువుగా ఉన్నాయి.

కారణం సింపుల్. సెలెక్ట్ చేసిన భాగాన్ని టూల్ కొత్తగా గీస్తుంది, కాబట్టి జీన్స్‌లో ఉన్న అసలు ముడతలు పోతాయి. అందుకే ఈసారి ప్రాంప్ట్‌లో బట్ట పేరుతో పాటు ఒంటి వంపులు కూడా రాశాను: "కూర్చున్నాడు, తొడ మొదట్లో అడ్డంగా నొక్కుకున్న ముడతలు, మోకాళ్ల మీద బట్ట బిగుతుగా, మోకాళ్ల మధ్య వదులుగా కిందికి జారి".

ఇప్పుడు చాలావరకు కుదిరింది. చెక్ చేయడానికి ఒక గళ్ల గీత పట్టుకుని నడుము నుంచి కిందికి చూడండి. అది మోకాలి దగ్గర వంగి దిగాలి, మడతలోకి వెళ్లిన చోట కాస్త మాయమవ్వాలి. తిన్నగా పోతుంటే తొడ భాగాన్ని, కింది కాలి భాగాన్ని విడివిడిగా ఎడిట్ చేయండి. అప్పుడు మోకాలి దగ్గర గళ్లు కలవకపోవచ్చు, ఆ అతుకు ఒకసారి జూమ్ చేసి చూసుకోండి.