పోలవరం రూపాయి ఏ పద్దులో పడుతుంది?

పోలవరం ప్రాజెక్టుకు కేంద్రం గ్రాంటుగా ఇచ్చే సొమ్మును కేంద్ర ప్రభుత్వ లెక్కల్లో రెవెన్యూ వ్యయం కింద రాస్తారు. ఆ సొమ్ముతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డ్యామ్ కడితే రాష్ట్ర లెక్కల్లో మాత్రం అది మూలధన వ్యయం. రెవెన్యూ అంటే జీతాలు, పెన్షన్లు, వడ్డీలు కదా, వందేళ్లు నిలిచే కట్టడానికి ఇచ్చిన డబ్బు అందులో ఎలా కలుస్తుందని బడ్జెట్ చూసినవాళ్లు అడుగుతుంటారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం ఆ రూపాయి బయలుదేరిన చోటి నుంచి వెంట నడవాలి.

ఫిబ్రవరిలో మంత్రి ప్రసంగానికి నాలుగైదు నెలల ముందే బడ్జెట్ పని మొదలవుతుంది. ఆర్థిక వ్యవహారాల శాఖలోని బడ్జెట్ విభాగం ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో అన్ని మంత్రిత్వ శాఖలకు సర్క్యులర్ పంపుతుంది. ప్రతి శాఖా మూడు అంకెలు ఇవ్వాలి: నిరుడు నిజంగా అయిన ఖర్చు, ఈ ఏడాదికి సవరించిన అంచనా, వచ్చే ఏడాదికి అడిగే మొత్తం. ఆ తర్వాత వ్యయ శాఖ అధికారులతో బేరసారాలు. అసలు నిర్ణయాలు చాలావరకు అక్కడే జరుగుతాయి. పోయినసారి ఇచ్చింది ఎంత ఖర్చు చేశారన్నది వాళ్లు ముందుగా చూసే సంగతి. బిల్లులు ఆలస్యమై డబ్బు మిగిలిపోయిన పథకానికి సవరించిన అంచనాలో కోత పడుతుంది, మరుసటి ఏడాది కేటాయింపుకూ ఆ తగ్గిన అంకే మొదలవుతుంది. అందుకే ఒక పథకం పరిస్థితి తెలియాలంటే కొత్త కేటాయింపు ఒక్కటే చూస్తే చాలదు, దాని పక్కన నిరుటి సవరించిన అంచనా కూడా చూడాలి. బడ్జెట్‌లో 1,000 కోట్లు అని ప్రకటించి సవరించిన అంచనాలో 400 కోట్లకు దించితే ఆ వార్త పత్రికల మొదటి పేజీకి రాదు.

2017 నుంచి బడ్జెట్‌ను ఫిబ్రవరి 1న పెడుతున్నారు. అంతకుముందు నెలాఖరున పెట్టేవారు కాబట్టి ఆమోదం మే దాకా సాగేది. ఏప్రిల్ ఖర్చులకు మధ్యలో ఓట్ ఆన్ అకౌంట్ తీసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు మార్చిలోపే అంతా ముగించాలని ఉద్దేశం. ఎన్నికల ఏడాదిలోనే ఆ మధ్యంతర ఏర్పాటు.

పార్లమెంటు దేనికి ఓటు వేస్తుంది? ప్రసంగానికి వేయదు. శాఖలవారీగా వచ్చిన గ్రాంట్ల పద్దులకు వేస్తుంది, అదీ లోక్‌సభ ఒక్కటే. ఈ పద్దులు వందకు పైగా ఉంటాయి. సభకు విరామం ఇచ్చిన రోజుల్లో స్థాయీ సంఘాలు వీటిని పరిశీలిస్తాయి. తర్వాత సభలో నాలుగైదు శాఖల మీద మాత్రమే చర్చకు సమయం దొరుకుతుంది, మిగిలినవన్నీ చివరి రోజు స్పీకర్ ఒకేసారి ఓటుకు పెడతారు. దీన్ని గిలటిన్ అంటారు. 2018 మార్చి 14న అసలు చర్చే లేకుండా పద్దులన్నీ, ఆర్థిక బిల్లూ అరగంటలో ఆమోదం పొందాయి. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోసం మన ఎంపీల నిరసనలు, బ్యాంకు కుంభకోణం మీద ప్రతిపక్షాల నిరసనలు సభను అప్పటికి రోజుల తరబడి స్తంభింపజేశాయి. నిరసన తెలిపే హక్కును కాదనలేం. కానీ దేశం మొత్తం ఖర్చును ఒక్కరూ ప్రశ్నించకుండా ఆమోదించడం తప్పని నా నమ్మకం.

పద్దులు ఆమోదం పొందాక ద్రవ్య వినిమయ బిల్లు వస్తుంది. అది చట్టమైతేనే సంచిత నిధి నుంచి డబ్బు తీయగలరు. పన్నుల మార్పులకు వేరుగా ఆర్థిక బిల్లు ఉంటుంది. రాజ్యసభ ఈ బిల్లులను 14 రోజుల్లో తిప్పి పంపాలి, సూచనలు చేయగలదు గానీ తిరస్కరించలేదు. ఇక అప్పుల మీద వడ్డీకైతే లోక్‌సభ ఓటు కూడా అక్కర్లేదు. దాన్ని నేరుగా సంచిత నిధి మీద మోపుతారు. చర్చించవచ్చు, తగ్గించలేరు. 2025-26 బడ్జెట్‌లో అది సుమారు 12.76 లక్షల కోట్లు, మొత్తం ఖర్చులో నాలుగో వంతు.

మళ్లీ మన రూపాయి దగ్గరికి వద్దాం. ప్రభుత్వ లెక్కల్లో ప్రతి రాబడికీ, ఖర్చుకూ నాలుగంకెల ప్రధాన పద్దు ఉంటుంది. కేంద్రానికీ రాష్ట్రాలకూ ఇదే పద్ధతి. మొదటి అంకె చూస్తేనే డబ్బు స్వభావం తెలిసిపోతుంది. 0 లేదా 1 అయితే రెవెన్యూ రాబడి, 2 లేదా 3 అయితే రెవెన్యూ వ్యయం, 4 లేదా 5 అయితే మూలధన వ్యయం, 6 లేదా 7 అయితే ఇచ్చిన అప్పు లేదా తెచ్చిన అప్పు. వైద్యం సంగతే తీసుకోండి. ఆసుపత్రి ఫీజుల రాబడి 0210 లోకి వస్తుంది, వైద్యుల జీతాలు 2210 నుంచి పోతాయి, కొత్త భవనానికి 4210.

రాష్ట్రాలకు కేంద్రం ఇచ్చే గ్రాంట్లకు 3601 పద్దు. దేనికిచ్చినా సరే, మొదటి అంకె 3, అంటే రెవెన్యూ వ్యయం. కట్టిన ఆస్తి కేంద్రానిది కాదు కాబట్టి కేంద్రం దాన్ని తన మూలధనంగా చూపుకోకూడదన్నది ప్రభుత్వ లెక్కల నియమం. ఆ రూపాయి అమరావతికి చేరి 1601 కింద రాష్ట్ర రెవెన్యూ రాబడిగా నమోదవుతుంది. భారీ నీటిపారుదల పనులకు ఖర్చు పెడితే 4700 కింద మూలధన వ్యయమవుతుంది. ఒకే రూపాయి ఢిల్లీలో రెవెన్యూ లోటును పెంచింది, అమరావతిలో రెవెన్యూ లోటును తగ్గించింది, నది దగ్గర ఆస్తిగా మారింది. రాష్ట్రం రెవెన్యూ లోటు తగ్గిందని ఎవరైనా చెబితే పన్నులు పెరిగాయా, గ్రాంటు వచ్చిందా అని అడగడం అందుకే అవసరం.

2025-26 బడ్జెట్‌లో కేంద్రం మొత్తం వ్యయం 50.65 లక్షల కోట్లు. అందులో రెవెన్యూ వ్యయం 39.44, మూలధన వ్యయం 11.21. ఆ 39.44లో ఆస్తుల సృష్టికని ఇచ్చే గ్రాంట్లే 4.27 లక్షల కోట్లు. ఇవి కలిపి చూస్తే రెవెన్యూ లోటు 5.24 లక్షల కోట్లు, తీసేస్తే ఒక లక్ష కోట్ల లోపే. రెండు లెక్కలూ బడ్జెట్ పత్రాల్లో ఉంటాయి, మంత్రులు తమకు అనుకూలమైనదే చెబుతారు.

అదే కేంద్రం రాష్ట్రానికి గ్రాంటుకు బదులు యాభై ఏళ్ల వడ్డీలేని అప్పు ఇస్తే పద్దు 7601. అప్పుడది కేంద్రానికి మూలధన వ్యయం అవుతుంది, రాష్ట్రానికి తీర్చాల్సిన బాకీ అవుతుంది. 2025-26లో ఇలాంటి అప్పులకు 1.5 లక్షల కోట్లు పెట్టారు. కేంద్ర మూలధన వ్యయం 11.21 లక్షల కోట్లన్నప్పుడు ఇవీ అందులో ఉన్నాయి. అంటే ఆ మొత్తమంతా కేంద్రం సొంతంగా వేసిన రైలు పట్టాలూ రోడ్లూ కాదు.

పోలవరం కథలో ఇంకో మెలిక ఉంది. 2016 తర్వాత కొన్నేళ్లు ఈ ప్రాజెక్టుకు కేంద్రం ఇవ్వాల్సిన డబ్బు బడ్జెట్ నుంచి నేరుగా రాలేదు. నాబార్డ్ నుంచి అప్పు తెచ్చి ఇచ్చారు. అప్పు తెచ్చింది జాతీయ జల అభివృద్ధి సంస్థ పేరుతో కాబట్టి ఆ ఏడాది ద్రవ్యలోటులో అది కనిపించలేదు. తీర్చాల్సింది మాత్రం కేంద్రమే, అసలూ వడ్డీ తర్వాతి ఏళ్ల బడ్జెట్ల మీద పడతాయి. ఇలాంటివి ఏ పద్దులోనూ వెతికితే దొరకవు. బడ్జెట్ పత్రాల్లో వ్యయ వివరాల సంపుటి చివరి భాగంలో, బడ్జెట్ వెలుపల సేకరించిన నిధుల పట్టికలో చూడాలి. ద్రవ్యలోటు అంకె చదివిన రోజే ఆ పట్టికను కూడా తెరిస్తే ఆ ఏడాది నిజంగా ఎంత అప్పు చేశారో తేలుతుంది.