ఆట వచ్చినా జంకు పోని విద్యార్థికి ప్రోగ్రెస్ కార్డులో ఏం రాయాలి?

టర్మ్ చివర ఇచ్చే ప్రోగ్రెస్ కార్డులో వ్యాయామ విద్యకు దక్కే చోటు చాలా బడుల్లో నాలుగైదు వాక్యాలకు మించదు. జిమ్నాస్టిక్స్‌లో మెరుగవుతున్నా తన మీద తనకు నమ్మకం చాలని విద్యార్థి గురించి రాసేటప్పుడు ఆ కాస్త చోటులోనే మూడు సంగతులు చెప్పాలి. టర్ములో ఏం మెరుగైంది, జంకు ఏ సందర్భంలో కనిపిస్తోంది, వచ్చే టర్ములో మొదట ఏం చేయించాలి. వీటిలో రెండోది రాయడమే కష్టం. ‘బాగా చేస్తోంది, కానీ ఆత్మవిశ్వాసం లేదు’ అని రాస్తే తల్లిదండ్రులకు అందులో ‘కానీ’ తర్వాతి మాటే గుర్తుంటుంది. విద్యార్థిని దాన్ని తన స్వభావం మీద ఇచ్చిన తీర్పుగా తీసుకుంటుంది. ఆ లోటు ఎలా తీరుతుందో మాత్రం ఎవరికీ తెలియదు.

అందుకే రాయడానికి ముందు ఒక సంగతి తేల్చుకోవాలి: విద్యార్థి ఆగిపోతున్నది ఆ విన్యాసం రాకా, వచ్చినా జంకా? పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేతులపై నిలబడాల్సిన అమ్మాయి కాళ్లు సగం లేపి దించేస్తే, భుజాల్లో బలం చాలకపోయి ఉండవచ్చు, పడిపోతానన్న భయమూ కావచ్చు. తేడా పరిస్థితులు మార్చి చూస్తే తెలుస్తుంది. బలమో, పద్ధతో లోపిస్తే ఎవరు పక్కన ఉన్నా, ఎవరు చూసినా చూడకపోయినా అదే తప్పు అదే చోట వస్తుంది. జంకు అయితే ఫలితం మారుతూ ఉంటుంది. టీచర్ ముట్టుకోకుండా ఊరికే పక్కన నిలబడితే చేసేసి, నాలుగు అడుగులు వెనక్కి జరిగితే ఆగిపోతుంది. మెత్తటి మ్యాట్ మీద చేసినది గట్టి నేల మీద చేయదు. వరుసలో తన వంతు రాగానే వెనక్కి వెళ్లి నిలబడుతుంది.

ఏడో తరగతి అమ్మాయి ఒకరిని ఉదాహరణగా ఊహించుకుంటే ఈ పద్ధతి స్పష్టమవుతుంది. టర్ములో నేర్పినది కార్ట్‌వీల్, అంటే ఒక చేయి తర్వాత మరో చేయి నేలకు ఆనించి, కాళ్లను తల మీదుగా తిప్పి పక్కకు దిగే విన్యాసం. చేయి, చేయి, కాలు, కాలు వరుసగా ఒకే గీత మీద పడితే అది సరిగా వచ్చినట్టు. జూన్‌లో ఆ అమ్మాయి మోకాళ్లు వంచి, నడుమును పూర్తిగా పైకి లేపకుండా, గీతకు ఒక పక్కగా దిగేది. మొదటి టర్మ్ ముగిసేసరికి కాళ్లు చాపుతోంది, నడుము భుజాలకు నేరుగా పైకి వస్తోంది, రెండో కాలు కూడా గీత మీదే దిగుతోంది. అయితే టీచర్ దగ్గరున్నప్పుడే ఇదంతా. తరగతి మొత్తం చూస్తుంటే చేతులు చాచి, ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగిపోతోంది. విన్యాసం వచ్చింది, ఒంటరిగా చేయగలనన్న నమ్మకమే ఇంకా రాలేదు.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రచురించిన సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. ‘నేను దీన్ని చేయగలను’ అన్న భావనకు ఆయన నాలుగు ఆధారాలు చెప్పారు: స్వయంగా చేసి గెలిచిన అనుభవం, తనలాంటివారు చేయగా చూడడం, ఇతరులు చెప్పే మాట, ఒంట్లో కలిగే కంగారు లేదా నెమ్మది. వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. ఒట్టి ప్రోత్సాహపు మాటకు అంత బలం లేదు. ప్రోగ్రెస్ కార్డులో రాసేదీ మాటే కాబట్టి, ‘ధైర్యంగా ఉండు’ అన్న సలహా కన్నా విద్యార్థి ఇప్పటికే చేసి చూపినదాన్ని ఆమె కళ్ల ముందు పెట్టే వాక్యమే ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ అమ్మాయికి రాయదగిన వ్యాఖ్య ఇలా ఉండవచ్చు:

‘ఈ టర్ములో కార్ట్‌వీల్ బాగా మెరుగైంది. జూన్‌లో మోకాళ్లు వంచి తిరిగేది. ఇప్పుడు కాళ్లు చాచి, నడుమును భుజాల పైకి తెచ్చి, గీత తప్పకుండా దిగుతోంది. నేను పక్కన నిలబడితే చేతి సాయం లేకుండానే పూర్తి చేస్తోంది. నేను దూరంగా ఉండి, తరగతి అంతా చూస్తున్నప్పుడు మాత్రం మొదలుపెట్టి ఆగిపోతోంది. వచ్చే టర్ములో ముందు ఒక స్నేహితురాలి ఎదుట, తర్వాత నలుగురైదుగురి ఎదుట చేయిస్తాను. గుంపును ఎప్పుడు పెంచాలో తనే చెబుతుంది.’

ఇందులో మెచ్చుకోలు ఒంటి కదలికల మీదే నిలిచింది. మోకాళ్లు, నడుము, గీత వంటివి విద్యార్థిని తానే సరిచూసుకోగలదు కాబట్టి నమ్ముతుంది. ‘అద్భుతం’ అన్న మాటను ఆత్మవిశ్వాసం తక్కువైన పిల్లలు మర్యాద కోసం అన్నదిగా కొట్టిపారేయవచ్చు. పోలిక జూన్‌లోని ఆమెతోనే తప్ప పక్క విద్యార్థితో కాదు. ‘చేతి సాయం లేకుండానే’ అన్నది చిన్న మాటే అయినా కీలకం. ఆ విన్యాసం మొత్తం తన బలంతోనే జరుగుతోందన్న సంగతి ఆమె గమనించి ఉండకపోవచ్చు.

జంకు గురించిన వాక్యంలో ఎప్పుడు, ఎక్కడ అన్నవి ఉన్నాయి. ఆత్మవిశ్వాసం అన్న మాటే అందులో లేదు. ఒక సందర్భంలో ఆగిపోతోందని రాస్తే ఆ సందర్భాన్ని మార్చవచ్చు. ఆ తర్వాతి వాక్యం ఆ పనినే చెబుతుంది. చూసేవారి సంఖ్య తప్ప మరేదీ మారదు, విన్యాసం మాత్రం అదే. చూసేవారు పెరగడం, కొత్త విన్యాసం నేర్చుకోవడం రెండూ ఒకేసారి వచ్చిపడితే, విఫలమైనప్పుడు కారణం ఏదో తెలియదు, నమ్మకమూ మరింత తగ్గుతుంది. గుంపు ఎప్పుడు పెరగాలో విద్యార్థినే నిర్ణయిస్తుందన్న మాట ఇంట్లోవారికి కూడా ఒక సూచనే. చుట్టాలు వచ్చినప్పుడు ‘ఏదీ, ఒకసారి చేసి చూపించు’ అని అడగడం సాయం కాదని దాని అర్థం. ఇంట్లో గట్టి నేల మీద, ఆసరా ఇవ్వడం తెలిసినవారు లేకుండా చేయించడం ప్రమాదం కూడా.

అయితే ప్రతి సంకోచాన్నీ ఆత్మవిశ్వాస లోపంగా రాయకూడదు. మణికట్టు నొప్పి పెడుతున్న పిల్ల చేతుల మీద బరువు వేయడానికి వెనకాడుతుంది. ఉన్నట్టుండి పొడుగు పెరిగే వయసులో కాళ్లూ చేతుల పొడవు మారి, అలవాటైన కదలిక కూడా తేడాగా అనిపిస్తుంది. అప్పటిదాకా సులువుగా చేసినది అకస్మాత్తుగా చేయలేకపోతే అది మరింత జాగ్రత్తగా చూడాల్సిన సంగతి. టోక్యో ఒలింపిక్స్‌లో సిమోన్ బైల్స్ గాలిలో తన శరీరం ఎక్కడుందో తెలియడం లేదని కొన్ని పోటీల నుంచి తప్పుకున్నారు. అది ధైర్యం చాలక జరిగినది కాదు. ఇలాంటి సూచనలు ఉన్నప్పుడు వ్యాఖ్యలో మెరుగుదల మాత్రమే రాసి, మిగతాది తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడడం సరైన పద్ధతి.

వ్యాఖ్య పని కార్డు మీద సంతకంతో ముగిసిపోదు. తర్వాతి టర్మ్ మొదటి వారాల్లో టీచర్ ఆ కార్డు తీసి, రాసిన తొలి అడుగు నిజంగా వేయించారో లేదో చూసుకోవాలి. స్నేహితురాలి ఎదుట కార్ట్‌వీల్ పూర్తయితే తర్వాతి వ్యాఖ్యలో మొదటి వాక్యం అదే అవుతుంది. పూర్తి కాకపోతే అడుగును ఇంకా చిన్నది చేయాలి. ఉదాహరణకు, చూసేవారు ఎవరూ లేకుండా, టీచర్ మాత్రం ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ చేయించవచ్చు.