ఉమ్మి, గంజి, ఓ చుక్క అయోడిన్

పలచటి గంజిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే గంజి నీలంగా మారుతుంది. పిండిపదార్థం ఉందనడానికి అదే గుర్తు. అదే గంజిలో ముందుగా కాస్త ఉమ్మి కలిపి, గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పావుగంట ఉంచి, తర్వాత అయోడిన్ వేసి చూడండి. నీలం రాదు. పిండిపదార్థం అప్పటికే ముక్కలై చక్కెరగా మారిపోయింది. ఆ పని చేసింది ఉమ్మిలోని అమైలేజ్ అనే ఎంజైమ్.

ఎంజైమ్ అంటే మన కణాలు తయారుచేసే ఒక ప్రొటీన్. శరీరంలో జరగాల్సిన ఒక్కో రసాయన చర్యను అది ఎన్నో రెట్లు వేగంగా జరిపిస్తుంది, తాను మాత్రం ఖర్చయిపోదు. ఒక పిండి గొలుసును తెంపిన అమైలేజ్ మరుక్షణం ఇంకోదాన్ని పట్టుకుంటుంది. అందుకే కొంచెం ఉమ్మి చాలు. ఈ అమైలేజ్ 496 అమైనో ఆమ్లాలు వరుసగా కలిసిన ఒక పొడవాటి దండ. అది ముడుచుకుని ఒక రూపం తీసుకున్నప్పుడు మధ్యలో చిన్న గాడి ఏర్పడుతుంది. పిండి గొలుసు వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది, అక్కడే తెగుతుంది. రూపం చెదిరితే గాడి ఉండదు, గాడి లేకపోతే పనీ లేదు.

ఇప్పుడు రెండు గ్లాసులు తీసుకుందాం. ఒకదాంట్లో గంజినీ ఉమ్మినీ మంచు నీళ్లలో ఉంచి కలపండి. రెండోదాంట్లో ముందే మరగబెట్టి చల్లార్చిన ఉమ్మి వేసి, గోరువెచ్చగా ఉంచండి. పావుగంట తర్వాత రెండింటిలోంచీ కొంచెం కొంచెం తీసి అయోడిన్ వేస్తే రెండూ నీలంగానే కనిపిస్తాయి. కానీ కారణాలు వేరు. చలిలో అణువుల కదలిక మందగిస్తుంది, ఎంజైమూ పిండీ సరిగ్గా ఢీకొనడం తగ్గుతుంది. మొదటి గ్లాసులో మిగిలినదాన్ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టండి, పని మళ్లీ అందుకుంటుంది. రెండోదాన్ని ఎంతసేపు ఉంచినా లాభం లేదు. మరిగే వేడికి ముడతలు విప్పుకున్న దండ మళ్లీ పాత రూపానికి రాలేదు. ఉడికిన గుడ్డు తెల్లసొనకు జరిగేది కూడా ఇదే.

ఈ రెంటికీ మధ్య పది డిగ్రీల సెల్సియస్ పెరిగిన కొద్దీ చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. దండ విప్పుకోవడం మొదలైన చోట ఆ లెక్క తిరగబడుతుంది. మన ఎంజైముల్లో చాలావాటికి 37 డిగ్రీలు సౌకర్యం. 39, 40 డిగ్రీల జ్వరం వస్తే ఒంట్లో ఎంజైములన్నీ ఉడికిపోతాయని కొందరు భయపెడతారు, అది నిజం కాదు. ఆ వేడికి చాలా ఎంజైములు ఇంకొంచెం చురుగ్గా పనిచేస్తాయి. జ్వరంలో శరీరం ఎక్కువ ఇంధనం ఖర్చుచేయడానికి అది ఒక కారణం.

పులుపు సంగతి ఇంకా సూక్ష్మం. మూడో గ్లాసులో ఒక చెంచా వెనిగర్ కలిపితే, వెచ్చగా ఉంచినా పని సాగదు. ఇక్కడ నిమ్మరసం వాడకండి. అందులోని సి విటమిన్ అయోడిన్ రంగును తానే పోగొడుతుంది, పిండి కరిగిపోయిందని పొరబడతాం. అమైలేజ్ గాడిలో పిండిని తెంపడానికి ముఖ్యంగా రెండు అమైనో ఆమ్లాలు చేతులు కలపాలి. ఒకటి తన దగ్గరున్న ప్రోటాన్‌ను ఇవ్వాలి, రెండోదాని దగ్గర ప్రోటాన్ ఉండకూడదు. నోట్లోలా పీహెచ్ 7కు దగ్గరగా ఉంటే ఈ ఏర్పాటు కుదురుతుంది. ఆమ్లం పెరిగితే చుట్టూ ప్రోటాన్లే, ఖాళీగా ఉండాల్సినదానికీ ఒకటి అంటుకుంటుంది. ఆమ్లం మరీ ఎక్కువైతే దండ ముడతలే చెదురుతాయి.

అందుకే మింగిన ముద్దలోని అమైలేజ్ కడుపులో ఎక్కువకాలం నిలవదు. ఆమ్లం ఇంకా తాకని ముద్ద లోపలి భాగంలో మాత్రం కొంతసేపు పని సాగుతుంది. అక్కడి నుంచి పని పెప్సిన్‌ది. పప్పు, మాంసాల్లోని ప్రొటీన్‌ను తెంపే ఈ ఎంజైముకు పీహెచ్ 2 దగ్గరి పులుపే కావాలి. అదే పెప్సిన్ చిన్నపేగుకు చేరితే, క్లోమం పంపే బైకార్బనేట్ ఆమ్లాన్ని తగ్గించేయడంతో ఆగిపోతుంది. అక్కడ క్లోమం ఎంజైములు పని అందుకుంటాయి, వాటిలో కొత్త అమైలేజ్ కూడా ఉంటుంది.

క్లోమం దెబ్బతిన్నవారికి ఈ ఎంజైములను క్యాప్సూల్‌గా ఇస్తారు. లోపలి చిన్న గుళికలకు ఆమ్లంలో కరగని పూత ఉంటుంది. అందుకే వాటిని నమలకూడదు, పొడిచేయకూడదు. నమిలితే పూత చిట్లి, కొవ్వును అరిగించే లైపేజ్ కడుపులోని ఆమ్లానికే పాడైపోతుంది. భోజనంతో పాటే వేసుకోమనేది, మందూ అన్నమూ పేగులోకి కలిసి చేరాలని. కొందరికి మోతాదు సరిపోయినా మలంలో కొవ్వు పోవడం ఆగదు. క్లోమం నుంచి బైకార్బనేట్ కూడా తగ్గడంతో పేగు పులుపుగానే ఉండి, పూత ఆలస్యంగా కరగడం దానికి ఒక కారణం. అలాంటివారికి డాక్టర్లు కడుపులో ఆమ్లం తగ్గించే మాత్రను కూడా జోడిస్తారు.