చేతి గడియారం అద్దం లోపల చెమ్మ: కారణాలు, వెంటనే చేయవలసిన పనులు

1. లక్ష్యాలు

ఈ పాఠ్యాంశం చదివిన తరువాత మీరు:

- వాచీ అద్దం లోపల మసక ఎందుకు ఏర్పడుతుందో తుషార బిందువు ఆధారంగా వివరించగలరు.
- లోపలి గాలిలోని తేమ వల్ల వచ్చిన మసకకు, లోపలికి చేరిన నీటి వల్ల వచ్చిన మసకకు తేడా గుర్తించగలరు.
- వాచీలోకి నీరు చేరినప్పుడు మొదటి కొన్ని గంటల్లో ఏమి చేయాలో, ఏమి చేయకూడదో కారణాలతో చెప్పగలరు.

2. ప్రవేశిక

కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలో నిజాంసాగర్ కాలువ నీటితో వరి సాగు చేస్తారు. వానాకాలం నాట్ల రోజుల్లో అక్కడి ఒక డిగ్రీ విద్యార్థిని ఊహించుకోండి. అతను వారం క్రితమే వాచీకి కొత్త సెల్లు వేయించుకున్నాడు. మధ్యాహ్నం దాకా ఎండలో పనిచేసి, మడిలోని బురద అంటిన చేతులను కాలువలో ముంచి కడుక్కున్నాడు. వాచీ చేతికే ఉంది. సాయంత్రం వాన పడి గాలి చల్లబడింది. ఇంటికి వచ్చి టైము చూద్దామంటే అద్దం మసకగా ఉంది. గుడ్డతో తుడిచినా పోలేదు. దగ్గరగా చూస్తే కీ ఉన్న వైపు సన్నని నీటి చుక్కలు కనిపించాయి.

తుడిస్తే పోయే మసక అద్దం పైభాగానిది. తుడిచినా పోనిది లోపలిది. ఆ తేమ ఎక్కడిది? రాత్రికి రాత్రే దానంతట అది ఆరిపోతుందా? ఈ ఉదాహరణనే పాఠం చివరి వరకు పరిశీలిద్దాం.

3. అద్దం మీదనే మసక ఎందుకు?

గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ ఆవిరి అందులో ఉండగలదు. 30° సెల్సియస్ దగ్గర ఒక ఘనపు మీటరు గాలిలో గరిష్ఠంగా సుమారు 30 గ్రాముల ఆవిరి ఉండగలదు. 20° దగ్గర ఆ పరిమితి సుమారు 17 గ్రాములే. గాలి చల్లబడుతూ పోతే ఒక ఉష్ణోగ్రత వద్ద అందులో ఉన్న ఆవిరే గరిష్ఠ పరిమితితో సమానమవుతుంది. దానిని తుషార బిందువు అంటారు. అంతకంటే చల్లబడితే మిగులు ఆవిరి నీరుగా మారి, దగ్గరలో ఉన్న చల్లని తలం మీద చేరుతుంది.

వాచీ వెనుక మూత మీ మణికట్టుకు ఆనుకుని వెచ్చగా ఉంటుంది. అద్దం బయటి గాలికి, వానకు ఎదురుగా ఉండి ముందుగా చల్లబడుతుంది. అందుకే లోపల తేమ ఎక్కడ ఉన్నా, అది మొదట కనిపించేది అద్దం లోపలి వైపునే. మసక అద్దం మీద ఉన్నంత మాత్రాన నీరు అద్దం అంచు నుంచే వచ్చిందని అనుకోకూడదు.

4. లోపలి గాలి తేమా? లోపలికి వచ్చిన నీరా?

ఈ ప్రశ్నకు చిన్న లెక్క సమాధానం ఇస్తుంది. వాచీ లోపల ఖాళీ జాగా ఒక ఘనపు సెంటీమీటరు అనుకుందాం. వానాకాలంలో, 30° ఉష్ణోగ్రత, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న రోజున మూత తెరిచి సెల్లు మార్చి, మళ్లీ బిగించారనుకుందాం. అప్పుడు లోపల చిక్కుకున్న ఆవిరి:

30 × 0.80 = 24 మైక్రోగ్రాములు

(ఘనపు మీటరుకు ఒక గ్రాము అంటే ఘనపు సెంటీమీటరుకు ఒక మైక్రోగ్రాము అని గమనించండి.) ఈ గాలి తుషార బిందువు సుమారు 26°. అద్దం, దానితోపాటు లోపలి గాలి 20°కి చల్లబడితే 17 మైక్రోగ్రాములే ఆవిరిగా మిగులుతాయి. తక్కిన 7 మైక్రోగ్రాములు నీరుగా మారతాయి. సుమారు 7 చదరపు సెంటీమీటర్ల అద్దం మీద ఇది సమంగా పరుచుకుంటే ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షో వంతు మాత్రమే. ఇది పలుచని మసకగా కనిపించవచ్చు. వాచీ మళ్లీ వెచ్చబడగానే కొద్ది నిమిషాల్లో పోతుంది.

ఇప్పుడు ఒక నీటి చుక్కను తీసుకోండి. దాని బరువు సుమారు 50 మిల్లీగ్రాములు, అంటే 50,000 మైక్రోగ్రాములు. లోపలి గాలిలో ఉన్న మొత్తం ఆవిరికి ఇది రెండు వేల రెట్లకు పైనే. కాబట్టి కంటికి విడివిడిగా కనిపించే చుక్కలు గాలిలోని తేమ వల్ల ఏర్పడినవి కావు. బయటి నుంచి నీరు లోపలికి చేరిందని వాటి అర్థం. మసక గంటల తరబడి పోకపోయినా, రోజూ తిరిగి వస్తున్నా అదే అనుమానించాలి. మన విద్యార్థి వాచీలో చుక్కలు కనిపించాయి కనుక అతనిది రెండో రకం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
చలికాలం తెల్లవారుజామున బల్ల మీద ఉన్న వాచీ అద్దం లోపల పలుచని మసక కనిపించి, చేతికి పెట్టుకున్న పది నిమిషాల్లో పోయింది. ఇది ఏ రకం? కారణం రాయండి.

5. నీరు ఎలా లోపలికి వచ్చింది?

వాచీకి మూడు చోట్ల దారులు ఉంటాయి: వెనుక మూత, కీ, అద్దం అంచు. నీటిని తట్టుకునే వాచీల్లో ఈ మూడు చోట్లా రబ్బరు లేదా ప్లాస్టిక్ రింగులు అడ్డుగా ఉంటాయి. ఏళ్లు గడిచే కొద్దీ రబ్బరు గట్టిపడి, అణిగిపోయి, పగుళ్లిస్తుంది. సెల్లు మార్చేటప్పుడు రింగు గాడిలో నుంచి జరిగినా, మూతకూ కేసుకూ మధ్య నలిగినా, మూత పూర్తిగా బిగియకపోయినా కొత్త వాచీలోకి కూడా నీరు వస్తుంది. టైము సరిచేసి కీని చివరి దాకా లోపలికి నొక్కకపోవడం మరో సాధారణ కారణం.

వీటికి తోడు మరొకటి ఉంది. ఎండలో 40°కి వేడెక్కిన వాచీని 25° నీటిలో ముంచితే లోపలి గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది. పరమ ఉష్ణోగ్రతల్లో చూస్తే:

298 ÷ 313 = 0.95

అంటే లోపలి పీడనం సుమారు 5 శాతం పడిపోతుంది. ఇది దాదాపు అర మీటరు లోతు నీటి పీడనానికి సమానం. చేతులు కడుక్కున్నది అరచేతి లోతు నీటిలోనే అయినా, వాచీ ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. రింగు బాగుంటే ఈ పీడనం లెక్కలోకి రాదు. మన ఉదాహరణలో మాత్రం వారం క్రితమే మూత తెరిచారు, ఎండలో వేడెక్కిన వాచీని చల్లని నీటిలో ముంచారు. అందువల్ల మొదట అనుమానించవలసింది మూత రింగును, ఆ తరువాత కీని.

6. వెంటనే చేయవలసినవి

ఎ) వాచీని చేతి నుంచి తీసి, పైభాగం మొత్తం, ముఖ్యంగా కీ చుట్టూ, మెత్తని పొడి గుడ్డతో తుడవండి.

బి) కీ బయటికి వచ్చి ఉంటే, చుట్టూ తుడిచిన తరువాత లోపలికి నొక్కండి. కీ సరిగా ఉంటే దానిని లాగవద్దు, తిప్పవద్దు. తడిగా ఉన్నప్పుడు లాగితే అక్కడ నిలిచిన నీరు లోపలికి పోతుంది. పక్కన మీటలు ఉంటే వాటినీ నొక్కవద్దు.

సి) అదే రోజు వాచీ రిపేరు దుకాణానికి తీసుకువెళ్లండి. అక్కడ జరగవలసిన పని ఇది: మూత తెరవడం, సెల్లు తీసివేయడం, యంత్రాన్ని కేసు నుంచి బయటికి తీసి ఆరబెట్టడం, తుప్పు కోసం పరీక్షించడం, రింగులు మార్చి మూయడం. సెల్లు తీయడం ఎందుకు ముఖ్యమంటే, 1.55 వోల్టుల ఆ చిన్న సెల్లే తడి సర్క్యూటు మీద విద్యుద్విశ్లేషణ జరిపి సన్నని రాగి గీతలను తినివేయగలదు. కీ ఇచ్చే వాచీల్లో సెల్లు ఉండదు కానీ ఉక్కు భాగాలు ఎక్కువ. వాటికి తుప్పు భయం. మడి నీరు చేరితే ఆ సంగతి తప్పక చెప్పండి. అందులో కరిగి ఉన్న ఎరువుల లవణాలు నీరు ఆరిన తరువాత కూడా లోపలే మిగిలి, తేమను పట్టి ఉంచి తుప్పును పెంచుతాయి. కాబట్టి ఆరబెడితే చాలదు, యంత్రాన్ని శుభ్రం చేయాలి.

డి) రాత్రి అయి దుకాణం మూసి ఉంటే, వాచీని శుభ్రమైన చల్లని బండ మీద అద్దం కిందికి ఉండేలా బోర్లించి ఉంచండి. అద్దమే అన్నిటికంటే చల్లగా ఉంటుంది కనుక తేమ యంత్రం వైపు కాక అద్దం మీదనే చేరుతుంది. ఇది తెల్లవారే వరకు కాపాడే ఉపాయం మాత్రమే, చికిత్స కాదు.

7. చేయకూడనివి

*వేడి చేయడం.* ఎండలో, పొయ్యి దగ్గర, జుట్టు ఆరబెట్టే యంత్రం ముందు పెడితే మసక పోయినట్లు కనిపిస్తుంది. కానీ 50° దగ్గర కూడా ఒక ఘనపు సెంటీమీటరు గాలి సుమారు 83 మైక్రోగ్రాముల ఆవిరినే పట్టుకోగలదు. లోపల ఉన్నది ఒక చుక్క అయితే అందులో ఆవిరయ్యేది ఆరు వందల వంతు. మిగిలినది మూసిన కేసులోనే ఉండి, అద్దం వెచ్చబడినందువల్ల యంత్రం వైపు జరుగుతుంది. అద్దం శుభ్రపడింది, యంత్రం తడిసింది.

*బియ్యంలో పెట్టడం.* నిల్వ బియ్యంలోనే సుమారు 12 నుంచి 14 శాతం తేమ ఉంటుంది. పైగా మూసిన వాచీలోని ఆవిరిని అది బయటికి లాగలేదు. బియ్యపు పిండి కీ సందుల్లో చేరుతుంది. సిలికాజెల్ పొట్లాలు బియ్యం కంటే బాగా తేమను పీలుస్తాయి, అయితే మూత తెరిచి ఉంచినప్పుడే అవి నిజంగా పనిచేస్తాయి.

8. బాగుచేసిన తరువాత పరీక్ష

నీటిని తట్టుకునే వాచీలకు అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 22810. అందులో ద్రవీకరణ పరీక్ష ఒకటి ఉంది. వాచీని 40° నుంచి 45° వేడి గల పలక మీద ఉంచి, అదే ఉష్ణోగ్రతకు చేరనిస్తారు. తరువాత అద్దం మీద 18° నుంచి 25° ఉన్న నీటి చుక్క వేసి, ఒక నిమిషం ఆగి తుడుస్తారు. అద్దం లోపల మసక కనిపిస్తే వాచీ తప్పినట్లు. చుక్క కింద ఉన్న చోటు మాత్రమే చల్లబడుతుంది కనుక, లోపల తేమ ఉంటే అక్కడే బయటపడుతుంది.

ఇక్కడ ఒక పరిమితి ఉంది. వానరోజున, తేమ గాలిలో మూత మూస్తే రింగులు బాగున్నా ఈ పరీక్షలో పలుచని మసక రావచ్చు. 26° తుషార బిందువు గల గాలి లోపల ఉందని మనం ముందే చూశాం. అందువల్ల యంత్రాన్ని సిలికాజెల్‌తో మూసిన డబ్బాలో ఆరనిచ్చి, పొడి గదిలో మూత బిగించడం మంచిది. నీటి పీడన పరీక్ష చేసే యంత్రం ఉన్న చోట మూత ఎంత బిగువుగా ఉందో విడిగా తేలుతుంది.

9. సారాంశం

అద్దం చల్లని తలం కాబట్టి తేమ అక్కడ కనిపిస్తుంది. పలుచగా వచ్చి త్వరగా పోయే మసక లోపలి గాలిది. చుక్కలు, నిలిచి ఉండే మసక బయటి నుంచి చేరిన నీటివి. రెండో సందర్భంలో మసక మాయమైనా నీరు లోపలే ఉంటుంది. మూత తెరిచి, సెల్లు తీసి, ఆరబెట్టడం ఒక్కటే మార్గం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1: సమాధానం
లోపలి గాలిలోని తేమ వల్ల వచ్చిన మసక. అద్దం తుషార బిందువు కంటే చల్లబడి ఏర్పడింది, మణికట్టు వేడికి తిరిగి ఆవిరైంది. చుక్కలు లేవు, త్వరగా పోయింది.

10. మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. వేడెక్కిన వాచీని చల్లని నీటిలో ముంచితే నీరు లోపలికి చేరే అవకాశం ఎందుకు పెరుగుతుందో లెక్కతో వివరించండి.
2. మసక పోవడానికి వాచీని ఎండలో పెట్టడం ఎందుకు సరికాదో రాయండి.
3. ద్రవీకరణ పరీక్షను వర్ణించి, వానాకాలంలో దాని పరిమితిని తెలపండి.