యూనివర్సిటీ మారుతున్నారా? రిలీజ్ డేట్ చూసుకోండి

అమెరికాలో ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌లో చేరి, ఒక సెమిస్టర్ కాగానే ఫీజు తక్కువనో, కోర్సు నచ్చిందనో మరో యూనివర్సిటీకి మారే మన పిల్లలు ఉన్నారు. కొత్తచోట అడ్మిషన్ లెటర్ రాగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ప్రభుత్వం లెక్కలో మీరు ఎక్కడి విద్యార్థో చెప్పేది సెవిస్ రికార్డు. అది ఒకసారికి ఒక యూనివర్సిటీ చేతిలోనే ఉంటుంది. పాత యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్‌ఓ దాన్ని కొత్త యూనివర్సిటీకి వదిలే రోజే రిలీజ్ డేట్. అది దాటితేగానీ కొత్త ఐ-20 ఇవ్వరు.

ఒక విద్యార్థి సంగతి చూద్దాం. పరీక్షలు డిసెంబర్ 12న అయిపోతాయి, కొత్త క్లాసులు జనవరి 20న మొదలు. మధ్యలో హైదరాబాద్ వచ్చి వెళ్లాలి. అడ్మిషన్ లెటర్‌ను పాత డీఎస్‌ఓకు చూపించి, డిసెంబర్ 14ను రిలీజ్ డేట్‌గా పెట్టమని అడగాలి. కొత్త డీఎస్‌ఓకూ ఆ తేదీ చెప్పాలి. తిరుగు ప్రయాణానికి కావలసింది కొత్త ఐ-20యే కాబట్టి అది చేతికొచ్చేందుకు వ్యవధి ఉండాలి. అయితే పాత క్యాంపస్‌లో చేసుకునే ఉద్యోగం ఆ రోజుతోనే ఆగిపోతుంది. ఓపీటీ మీద పనిచేస్తున్నవారికైతే ఆ అనుమతి కూడా రిలీజ్ డేట్‌తోనే ముగుస్తుంది. అందుకే తేదీని తొందరపడి ఎంచుకోకూడదు. మనసు మారితే రిలీజ్ డేట్ రాకముందే పాత డీఎస్‌ఓకు చెప్పి రద్దు చేయించుకోవచ్చు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి. సీటు వచ్చింది కదా అని కొందరు సెమిస్టర్ మధ్యలోనే పాత క్లాసులు మానేస్తారు. డీఎస్‌ఓ అనుమతి లేకుండా మానేస్తే రికార్డు టెర్మినేట్ అవుతుంది. ఆ తర్వాత స్టేటస్ తిరిగి ఇవ్వమని ఐ-539 దరఖాస్తు పెట్టుకోవాలి. ఇస్తారన్న భరోసా లేదు, ఈలోగా ఉద్యోగమూ చేయకూడదు.

రెండు చదువుల మధ్య విరామానికీ హద్దుంది. కొత్తచోట మొదలయ్యే తర్వాతి సెమిస్టర్‌లోనే చేరాలి, అదీ ఐదు నెలలు దాటకుండా. మే 10న కోర్సు ముగిసినవారు 60 రోజుల్లోగా ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటే ఆగస్టులో నిశ్చింతగా చేరొచ్చు. జనవరికి వాయిదా వేస్తే మాత్రం ట్రాన్స్‌ఫర్ కుదరదు. దేశం విడిచి వెళ్లి, కొత్త సెవిస్ నంబరుతో మళ్లీ రావాలి.

చేరాక ఫీజు కట్టి ఊరుకోవద్దు. ఐ-20లో ఉన్న ప్రారంభ తేదీ నుంచి 15 రోజుల్లోగా కొత్త డీఎస్‌ఓకు రిపోర్ట్ చేసి, స్థానిక చిరునామా నమోదు చేయించాలి. పాస్‌పోర్టులోని వీసాపై పాత యూనివర్సిటీ పేరు ఉందని కంగారు అక్కర్లేదు. గడువుంటే కొత్త ఐ-20తో కలిపి అదే చెల్లుతుంది.