రెండో డ్రాఫ్టులో మారిన మాటలు

హైదరాబాద్‌లో ఒకాయన తన 600 గజాల స్థలాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కు ఇస్తున్నారనుకుందాం. ఫ్లాట్లలో చెరి సగం. మొదటి డ్రాఫ్టుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. కొన్నాళ్లకు బిల్డర్ వైపు నుంచి ఇంకో డ్రాఫ్టు వచ్చింది. మార్చినవన్నీ ఎర్ర అక్షరాల్లో ఉన్నాయన్నారు.

యజమాని తరఫు లాయరు ఆ ఎరుపును నమ్మి కూర్చోకూడదు. ట్రాక్ చేంజెస్ ఆపేసి దిద్దిన మాట ఎర్రగా కనబడదు. తన దగ్గరున్న పాత ఫైలునూ కొత్త ఫైలునూ వర్డ్‌లోని Compare తో తానే పోల్చుకోవాలి. వచ్చింది స్కాన్ చేసిన కాపీ అయితే, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు పాతదానితో సరిచూడాలి.

కామాలు, అక్షరదోషాలు పక్కన పెడితే ఇక్కడ రెండు మార్పులు తేలాయి.

పాత డ్రాఫ్టులో గడువు రిజిస్ట్రేషన్ నాటి నుంచి 24 నెలలు. కొత్తదాంట్లో, నిర్మాణ అనుమతి వచ్చిన నాటి నుంచి 24 నెలలు. అనుమతికి దరఖాస్తు చేయాల్సింది బిల్డరే. ఎప్పటిలోగా చేయాలో మాత్రం ఎక్కడా లేదు. అనుమతి రావడానికి ఏడాది పడితే గడువు 36 నెలలవుతుంది. ఆలస్యమైతే చదరపు అడుగుకు నెలకు 20 రూపాయల అద్దె ఇస్తామన్న క్లాజు ఇంకోచోట అలాగే ఉంది. అందులో ఒక్క అక్షరం మారలేదు కాబట్టి Compare దాన్ని చూపించదు. యజమాని వాటా 6,000 చదరపు అడుగులైతే ఆ ఏడాదికి రావాల్సిన 14,40,000 రూపాయలు మాత్రం పోయినట్టే. అందుకే ఒక క్లాజు మారితే, దాని మీద ఆధారపడ్డ క్లాజులన్నీ వెతికి చదవాలి.

రెండోది ఇంకా ప్రమాదం. బిల్డర్‌కిచ్చే జీపీఏలో అమ్ముకునే, తాకట్టు పెట్టుకునే హక్కు పాత డ్రాఫ్టులో 'బిల్డర్ వాటా'కే ఉంది. కొత్తదాంట్లో ఆ చోట 'షెడ్యూల్ ఆస్తి' అని చేరింది. షెడ్యూల్‌లో ఉన్నది మొత్తం స్థలం. పైగా ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ ప్రకారం ఆ అధికారాన్ని వెనక్కి తీసుకోవడం తేలిక కాదు.

క్లయింటుకు రాసిచ్చే నోటులో క్లాజు నంబర్ల వరుస అక్కర్లేదు. ఎక్కువ నష్టం తెచ్చేది ముందుండాలి, అంటే ఇక్కడ జీపీఏ. పాత మాట, కొత్త మాట పక్కపక్కనే పెట్టి, కింద ఇలా రాస్తే చాలు: "మీ వాటా ఫ్లాట్లను కూడా బిల్డర్ బ్యాంకులో తాకట్టు పెట్టగలరు. అప్పు తీర్చకపోతే బ్యాంకు మీ ఫ్లాట్ల మీదికి వస్తుంది. పాత మాటే ఉంచమని అడగండి. ఒప్పుకోకపోతే సంతకం వద్దు." గడువు గురించి అయితే బేరానికి చోటుంది: "అనుమతి నుంచి లెక్కించినా, రిజిస్ట్రేషన్ నుంచి 30 నెలలు దాటకూడదని చేర్పించండి."

అంతా కుదిరాక స్టాంపు పేపర్ల మీద ప్రింటు తీస్తారు. సంతకానికి ముందు ఆ ప్రింటును ఒప్పుకున్న డ్రాఫ్టుతో పేజీ పేజీ మళ్లీ సరిచూడాలి.